పద్దెనిమిది కోట్లు ఏ బండిలో వెళ్లాయి?

మొన్న సంక్రాంతికి పిడుగురాళ్ల వెళ్లినప్పుడు మా బావ ఒక పీడీఎఫ్ చూపించాడు. హైవే పక్కన ఉన్న అరెకరం అమ్మితే వచ్చిన డబ్బులో పదిహేను లక్షలు చేతిలో ఉన్నాయి. మనవైపు కుర్రాళ్లే ఇద్దరు స్టార్టప్ పెట్టారట, అందులో పెడదామని ఆయన ఆలోచన. "నువ్వు సాఫ్ట్‌వేరోడివి కదరా, ఇది చూసి మంచిదో కాదో చెప్పు" అన్నాడు. సాఫ్ట్‌వేరోడికి అన్నీ తెలుసని మా ఇంట్లో ఓ నమ్మకం. ప్రింటర్ పని చేయకపోయినా నన్నే పిలుస్తారు.

కంపెనీ పేరు చెప్పను, అవసరం లేదు. పని మాత్రం ఇది: పిడుగురాళ్ల, చుట్టుపక్కల నాలుగు మండలాల రైతులు యాప్‌లో పురుగుమందులు, విత్తనాలు ఆర్డర్ పెడితే ఊళ్లోకి తెచ్చి ఇవ్వడం. 2024-25లో ఆదాయం 18 కోట్లు అని పదో స్లైడులో పెద్ద అక్షరాలతో ఉంది. కంపెనీ విలువ దానికి రెట్టింపు, 36 కోట్లు అని కట్టి, ఆ లెక్కన వాటాలు ఇస్తున్నారు. మన ఆఫీసుల్లో కూడా ఈ మధ్య ఇలాంటి పీడీఎఫ్‌లు చాలా తిరుగుతున్నాయి. జీతం పోగా మిగిలిన డబ్బు ఎక్కడ పెట్టాలో తెలియని వాళ్లం మనం చాలామందిమి ఉన్నాం కదా. అందుకే నేను లెక్క ఎలా వేశానో, ఎక్కడ తప్పబోయానో వివరంగా రాస్తున్నాను.

ఇలాంటి అంకెను రెండు వైపుల నుంచి పరీక్షించాలి. పై నుంచి వేసే లెక్కలో మొత్తం మార్కెట్ ఎంతో చూసి, అందులో వీళ్ల వాటా నమ్మదగ్గదా అని అడుగుతాం. కింద నుంచి వేసే లెక్కలో ఒక బండి, ఒక రోజు, ఒక బిల్లు దగ్గర మొదలుపెట్టి, కూడుకుంటూ వెళ్తే ఎంతవుతుందో చూస్తాం. రెండూ వేసినవాళ్లు కూడా ఒకచోట మోసపోతారు. ఆ సంగతి కాస్సేపట్లో.

ముందు పై నుంచి. వాళ్ల స్లైడులో దేశం మొత్తం వ్యవసాయ మార్కెట్ ఇన్ని లక్షల కోట్లు, అందులో మాకు ఒక్క శాతం వచ్చినా చాలు అని ఉంది. ఆ స్లైడు పక్కన పడేశాను. పంజాబ్‌లో గోధుమ పండించే ఆయన పిడుగురాళ్ల నుంచి మందు తెప్పించుకోడు. వీళ్ల బండి ఏ ఊళ్లకు వెళ్తుందో ఆ ఊళ్లే వీళ్ల మార్కెట్. అక్కడ లెక్క రూపాయలతో కాదు, ఎకరాలతో మొదలవ్వాలి. ఏ ఊళ్లో ఏ పంట ఎన్ని ఎకరాలో ఈ-పంటలో నమోదవుతుంది, రైతు సేవా కేంద్రంలో అడిగితే చెబుతారు. ఇక్కడ లెక్క సులువుగా అర్థం కావడానికి అంకెల్ని గుండ్రం చేసి రాస్తున్నాను: అయిదు మండలాల్లో మిరప 20 వేల ఎకరాలు, పత్తి 40 వేల ఎకరాలు అనుకోండి.

ఎకరాకు ఖర్చు మా బావనీ, పక్క చేల వాళ్లనీ అడిగాను. మిరపకి విత్తనం, ఎరువు, మందులు కలిపి 60 వేలు, పత్తికి పన్నెండున్నర వేలు అన్నారు. కూలీలు, కౌలు ఇందులో లేవు, అవి యాప్‌లో కొనేవి కావు కదా. మిరప 120 కోట్లు, పత్తి 50 కోట్లు, మొత్తం 170 కోట్లు. అందులో 18 కోట్లంటే పదిన్నర శాతం. రెండేళ్ల కంపెనీకి కాస్త ఎక్కువే గానీ అసాధ్యం మాత్రం కాదు. చాలామంది ఇక్కడే ఆగిపోయి "లెక్క సరిపోయింది" అంటారు. నేనూ అరగంట సేపు అలాగే అనుకున్నాను.

అన్నం తింటూ మా బావతో ఆ మాటే అంటే ఆయన నవ్వాడు. "నూట డెబ్భై కోట్లు నిజమేరా, కానీ డబ్బు చేతిలో పెట్టుకుని మందు కొనేదెవరు?" అన్నాడు. ఈ ప్రశ్న ఏ స్లైడులోనూ లేదు.

మా వైపు మిరప రైతు ఎక్కువగా అరువు మీదే కొంటాడు. ఊళ్లో పురుగుమందుల కొట్టాయన పంటొచ్చాక తీసుకుంటాడు, వడ్డీతో కలిపి. లేదంటే గుంటూరు యార్డులో కమీషన్ కొట్టాయన పెట్టుబడికి డబ్బిస్తాడు, కాయలు ఆయన కొట్టుకే వేయాలి. ఈ కట్టుబాట్లు తెంచుకుని యాప్‌లోకి రావడానికి రైతుకి కావలసింది పది శాతం తగ్గింపు కాదు, ఆరు నెలల అరువు. ఈ కంపెనీ అరువు ఇవ్వదు. "క్యాష్ ఓన్లీ" అని వాళ్లే గొప్పగా రాసుకున్నారు.

దాంతో లెక్క మళ్లీ వేశాను. వాళ్లు ఎరువులు అమ్మరు. యూరియా, డీఏపీ సొసైటీల్లో, రైతు సేవా కేంద్రాల్లో, లైసెన్సు ఉన్న కొట్లలో పీఓఎస్ మెషీన్ మీద వేలిముద్ర వేసి కొనేవి. అవి ఇద్దరి పంటల్లో కలిపి 50 కోట్లనుకుంటే మిగిలింది 120. చేతిలో డబ్బుతో కొనేవాళ్ల వాటా నాలుగో వంతు అనుకుంటే 30 కోట్లు. ఇప్పుడు వాళ్ల 18 కోట్లంటే ఆ 30లో అరవై శాతం! పిడుగురాళ్ల బజార్లో, మండలాల్లో ఇన్ని మందుల కొట్లుండగా, నగదు వ్యాపారంలో సగం పైన రెండేళ్లలో వీళ్ల చేతికి వచ్చిందంటే, ప్రతి ఊళ్లో కొట్ల వాళ్లు వీళ్ల పేరు చెప్పి తిట్టుకుంటూ ఉండాలి. బజార్లో ముగ్గురిని అడిగితే ఒకాయనకి యాప్ పేరే తెలీదు.

నాలుగో వంతు అన్నది మా బావ అంచనా, నిజమే. అది మూడో వంతు కావచ్చు, సగం కావచ్చు. సగమైనా 18 కోట్లంటే ముప్పై శాతం వాటా. కాబట్టి పై నుంచి లెక్క వాళ్లు అబద్ధమాడారని చెప్పలేదు. ఈ అంకె సాధ్యం కావాలంటే ఏమేం నిజం కావాలో అది మాత్రం చెప్పింది. ఈ లెక్కతో అంతవరకే అవుతుంది.

ఇహ కింద నుంచి. ఇక్కడే ఆ మోసపోయే చోటు ఉంది.

స్లైడుల్లో ఆర్డర్లు 19,000 అనీ, సగటు ఆర్డరు 9,500 అనీ ఉంది. గుణిస్తే 18 కోట్ల 5 లక్షలు. చూడగానే "ఆహా, కింద నుంచి కూడా సరిపోయింది" అనిపిస్తుంది. కానీ సగటు అనేది ఎలా వస్తుంది? మొత్తాన్ని ఆర్డర్లతో భాగిస్తే వస్తుంది. దాన్ని మళ్లీ ఆర్డర్లతో గుణిస్తే మొత్తం రాక ఏం వస్తుంది? ఇది పరీక్ష కాదు, ఒకే అంకెను విడగొట్టి మళ్లీ అతికించడం. యూనిట్ టెస్టులో ఫంక్షన్ ఇచ్చిన జవాబునే ఎక్స్‌పెక్టెడ్ వాల్యూగా పెట్టినట్టు. టెస్టు ఎప్పుడూ పచ్చగానే ఉంటుంది.

కింద నుంచి వేసే లెక్కకి కావలసిన అంకెలు కంపెనీ చెప్పినవి కాకూడదు. కంటితో చూసి లెక్కపెట్టగలిగినవై ఉండాలి. కనుమ మర్నాడు వాళ్ల గోడౌన్ దగ్గరికి వెళ్లాం. కుర్రాళ్లు మర్యాదస్తులు, టీ ఇచ్చారు, అన్నీ చూపించారు. మూడు ట్రాలీ ఆటోలున్నాయి. గోడౌన్ దగ్గర కౌంటర్ అమ్మకం ఉందా అని అడిగితే లేదన్నారు, అంతా డెలివరీయే.

డ్రైవరుతో మాట్లాడాను. ఉదయం ఎనిమిదికి లోడెత్తడం మొదలు, సాయంత్రం ఆరుకి దిగడం. ఎత్తడానికి గంట, భోజనానికి ఇంకో గంట పోతే మిగిలేది ఎనిమిది గంటలు. ఊరి నుంచి ఊరికి వెళ్లడం, రైతు చేలో ఉంటే ఫోన్ చేసి పిలవడం, డబ్బు తీసుకోవడం అన్నీ కలిపి ఒక్కో ఇంటికి పాతిక నిమిషాల దాకా పడుతుందన్నాడు. అంటే రోజుకి ఇరవై ఇళ్లు. సీజన్ విషయానికొస్తే, పత్తి జూన్, జులైలో విత్తుతారు, మిరప నారు ఆగస్టు, సెప్టెంబరులో నాటుతారు, మందు కొట్టడం జనవరి, ఫిబ్రవరి దాకా సాగుతుంది. వానలు, పని లేని రోజులు తీసేస్తే బండి నిండుగా తిరిగేది 150 రోజులు. మూడు బళ్లు, ఇరవై ఇళ్లు, 150 రోజులు: 9,000 డెలివరీలు.

బిల్లు ఎంతో తెలియడానికి మా బావ దగ్గర బిల్లుల కట్ట ఉంది. ఆయనకి మిరప మూడెకరాలు. ఒకసారి మందు కొట్టాలంటే రెండు మూడు రకాలు కలిపి మొత్తం మీద 5 వేల నుంచి 7 వేల మధ్య పడింది. ఆరు వేలు అనుకుందాం. 9,000 డెలివరీలకి 5 కోట్ల 40 లక్షలు. పురుగుమందు బిల్లులో 18 శాతం జీఎస్టీ ఉంటుంది, అది కంపెనీ ఆదాయం కాదు, తీసేస్తే 4 కోట్ల 60 లక్షలు.

నా అంకెల్లో తప్పుండొచ్చు కాబట్టి వాళ్ల వైపు మొగ్గి కూడా చూశాను. బిల్లు 9,500 అని వాళ్ల మాటే తీసుకుని, పన్ను సంగతి వదిలేసినా ఎనిమిదిన్నర కోట్లే. పోనీ డెలివరీలు 19,000 అన్నది నిజమనుకుంటే ఒక్కో బండి రోజుకి 42 ఇళ్లకు వెళ్లాలి, ఇంటికి పదకొండు నిమిషాలు. మాచవరం రోడ్డు మీద ఎప్పుడైనా వెళ్లినవాళ్లకి ఇది ఎంత నిజమో నేను చెప్పక్కర్లేదు.

ఇప్పుడు చేతిలో రెండు అంకెలున్నాయి: 18 కోట్లు, అయిదు కోట్లకి దగ్గర్లో ఇంకొకటి. ఇక్కడ మనిషి మనసు చేసే పని ఒకటుంది. రెండూ కలవకపోతే ఏదో ఒక అంచనాని కాస్త అటూ ఇటూ జరిపి కలిపేయాలనిపిస్తుంది. 150 రోజుల్ని 220 చేయడం, ఇరవై ఇళ్లని ముప్పై చేయడం. అలా కలిపితే మనకి ఏమీ తెలియదు. నా అంచనాలో తప్పు పాతిక శాతమో యాభై శాతమో ఉండొచ్చు. మూడున్నర రెట్ల తేడా అంచనా తప్పు వల్ల రాదు. ఎక్కడో ఒక మాటకి అర్థం మారి ఉండాలి. ఆ మాట ఏదో వెతకాలి.

వెతకడం కష్టం కాలేదు, అడిగితే వాళ్లే చెప్పారు. 18 కోట్లలో రైతులకి నేరుగా అమ్మింది 5 కోట్లు. ఇంకో 9 కోట్లు ఊళ్లలోని మందుల కొట్ల వాళ్లు తమ సరుకు కోసం ఈ యాప్‌లో డిస్ట్రిబ్యూటర్‌కి పెట్టిన ఆర్డర్లు. సరుకు డిస్ట్రిబ్యూటర్‌ది, బిల్లు డిస్ట్రిబ్యూటర్‌ది, బండీ వాళ్లదే. వీళ్లకి వచ్చేది రెండు శాతం, అంటే 18 లక్షలు. మిగిలిన 4 కోట్లు కొందరు రైతుల మిరప టిక్కీలు గుంటూరు యార్డుకి పంపించి అమ్మించినందుకు, ఆ మిరప విలువ. దానిమీద వీళ్లకి ఒక శాతం, 4 లక్షలు. 19,000 ఆర్డర్లలో యాప్‌లో పెట్టి వదిలేసినవి, రద్దయినవి కూడా ఉన్నాయి. 9,500 అనే సగటు 18 కోట్లని దాంతో భాగించి తెచ్చిందే.

కాబట్టి నిజమైన ఆదాయం 5 కోట్లు, దానికి కమీషన్ 22 లక్షలు. నా బండి లెక్క 4.6 కోట్లు. పది శాతం లోపే తేడా.

ఇది మోసమా? వాళ్లు అలా అనుకోవడం లేదు. "అన్నా, అందరూ జీఎంవీనే చెప్తారు" అన్నాడు అందులో చిన్నవాడు. చేతులు మారిన సరుకు మొత్తం విలువ చెప్పుకోవడంలో తప్పు లేదు, దాన్ని ఆదాయం అనడంలో ఉంది. మన చిన్న కంపెనీలు పాటించే ఏఎస్-9 అకౌంటింగ్ ప్రమాణం ఈ విషయం సూటిగానే చెబుతుంది: ఏజెంటుగా చేసిన వ్యాపారంలో కమీషనే ఆదాయం, వచ్చిపోయిన డబ్బంతా కాదు. 2021లో ఐపీఓకి వచ్చినప్పుడు జొమాటో పత్రాలు చూడండి. 2019-20లో ఆర్డర్ల మొత్తం విలువ 11 వేల కోట్ల పైచిలుకు, వ్యాపార ఆదాయం 2,600 కోట్ల చిల్లర. రెండు అంకెలూ విడివిడిగా, వేరే వేరే పేర్లతో ఉంటాయి. కమీషన్ రెండు శాతం ఉన్నచోట ఈ రెండూ కలిపేస్తే తేడా నాలుగు రెట్లు కాదు, యాభై రెట్లు.

పై నుంచి లెక్క ఈ తప్పుని ఎందుకు పట్టలేదో కూడా ఇప్పుడు తెలిసింది. కొట్టాయన డిస్ట్రిబ్యూటర్ దగ్గర కొన్న మందు తర్వాత రైతుకే చేరుతుంది. ఆ విలువ 170 కోట్లలో భాగమే, కాబట్టి వాటా చూస్తే ఎబ్బెట్టుగా కనిపించదు. మిరప టిక్కీలైతే అసలు ఆ మార్కెట్టే కాదు, అది పంట అమ్మకం. పై లెక్కకి సరుకు ఎవరి చేతుల మీదుగా వెళ్లిందో తెలియదు. బండి లెక్కకి తెలుస్తుంది, ఎందుకంటే ఆ 9 కోట్ల సరుకు వీళ్ల బండి ఎక్కనే లేదు.

దీన్ని ఖాయం చేసుకోవడానికి ఒక కాగితం ఉంది. పన్నెండు నెలల జీఎస్టీఆర్-3బీ అడిగాను. అందులో 3.1 పట్టికలో (ఎ) వరస పన్ను పడే అమ్మకాలు, (సి) వరస పన్ను లేని అమ్మకాలు. విత్తనాలు ఇందులోకే వస్తాయి. పన్నెండు నెలలూ కూడితే ఏడాది అమ్మకం. డిస్ట్రిబ్యూటర్ బిల్లు వేసింది డిస్ట్రిబ్యూటర్ రిటర్నులో ఉంటుంది, వీళ్ల దాంట్లో కమీషన్ మాత్రమే కనపడుతుంది. రెండు రోజుల్లో పంపించారు. మొత్తం 5.2 కోట్ల దగ్గర తేలింది. మరి ముందే ఈ కాగితం అడిగేస్తే సరిపోయేది కదా అంటారా? డబ్బు పెట్టకముందు అందరూ ఇవ్వరు. ఇచ్చినా, మన దగ్గర మన లెక్క లేకపోతే అందులో ఏం వెతకాలో తెలియదు. పైగా బిల్లులే దొంగవైతే రిటర్నులు కూడా వాటితో కలిసిపోతాయి. అప్పుడు పనికొచ్చేది బళ్ల లెక్కే.

ఇంకో సంగతి. ఈ లెక్కలన్నీ ఒక్క ఏడాదివి. మిరప ఏటా ఒకలా ఉండదు. 2021-22లో నల్ల తామర పురుగు వచ్చినప్పుడు రైతులు కొట్టిన మందుకి లెక్క లేదు. పంట పోయింది, మందుల అమ్మకం మాత్రం పెరిగింది. అలాంటి ఏడాది అమ్మకాల్ని ఎదుగుదల అని స్లైడులో పెడితే బాగానే ఉంటుంది. 2025 మొదట్లో ధర పడిపోయి, కేంద్రం క్వింటాకు 11,781 రూపాయలు ఖరారు చేసి మార్కెట్ జోక్య పథకం ప్రకటించాల్సి వచ్చింది. అలాంటి ధర చూసిన రైతు మరుసటి ఏడు మిరప తగ్గించి వేరే పంట వేస్తాడు. ఎకరాలు మూడో వంతు తగ్గితే నా 120 కోట్లు 80 అవుతాయి, కంపెనీ ఏ తప్పూ చేయకుండానే. వచ్చే ఏడాది అరవై కోట్లు అని వాళ్ల స్లైడులో ఉంది. అది ఎన్ని ఎకరాల మీద అని అడిగితే జవాబు లేదు.

ఒకవేళ రేపు వాళ్లు అరువు ఇవ్వడం మొదలుపెడితే? మార్కెట్ 30 నుంచి 120 కోట్లకి పెరుగుతుంది, అమ్మకాలూ పెరుగుతాయి. అప్పుడు అడగాల్సిన ప్రశ్న కూడా మారుతుంది. ఎంత అమ్మారని కాదు, ఉగాదికి ఎంత వసూలైందని.

చివరికి మా బావకి చెప్పింది ఇదే. వాళ్ల లెక్కనే, ఆదాయానికి రెట్టింపు అనుకుంటే కంపెనీ విలువ పదిన్నర కోట్లు. వాళ్లు అడిగే 36 కోట్లు ఆదాయానికి ఏడు రెట్లు. ఆయన వెళ్లి పదిన్నర లెక్కన అయితే పెడతానన్నాడు. వాళ్లు కుదరదన్నారు, మర్యాదగానే. పదిహేను లక్షలు బ్యాంకులో ఉన్నాయి.

ఆ కుర్రాళ్లు కొట్లవాళ్లందర్నీ యాప్‌లోకి తెచ్చి నిజంగానే పెద్దవాళ్లవచ్చు. అప్పుడు మా బావ ప్రతి సంక్రాంతికీ నన్ను తిడతాడు, పడతాను. ఆ రోజు బస్సెక్కించడానికి వచ్చినప్పుడు మాత్రం ఒక మాటన్నాడు: "ఆ ట్రాలీలు మూడూ రోజూ మన ఇంటి ముందు నుంచే పోతాయిరా. నేనే లెక్కపెట్టుకుంటే సరిపోయేది."